‘ఎక్స్‌ట్రా అయితాది సార్’ అంటే ఎంత? ఎన్ని రోజులు?

సార్, మాది కర్నూలు. మా నాయన ఇరవై ఏళ్లుగా ఇండ్లు కట్టే కాంట్రాక్టరు. నేను బీకాం చదివి ఆయన లెక్కలు చూసుకుంటున్నాను. ఊరి బయట ఒక రెండంతస్తుల ఇల్లు చదరపు అడుగు రేటుకు కడుతున్నాం. ఓనరు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. సైటుకు ఆయన బావమరిది వస్తుంటాడు. అగ్రిమెంటులో పునాది 5 అడుగులు అని రాసుకున్నాం. 12 గుంతలు తవ్వితే అయిదు అడుగుల కింద కూడా నల్లరేగడే ఉంది. ఒక గుంత లోతుగా తవ్వి చూస్తే ఏడున్నర అడుగుల దగ్గర గరుసు తగిలింది. ఓనరు తరఫు ఇంజనీరు వచ్చి చూసి అన్నీ అక్కడిదాకా దించమన్నాడు. నాయన సోమవారం సాయంత్రం వాట్సాప్‌లో ‘సార్ ఇంకా రెండున్నర అడుగు దిగాల. ఎక్స్‌ట్రా అయితాది’ అని పెట్టినాడు. శుక్రవారం సాయంత్రం ‘సరే కానీయండి’ అని వచ్చింది. ఆ నాలుగు రోజుల్లో ఆరుగురు కూలీలు రెండు రోజులు సంపు తవ్వినారు, రెండు రోజులు ఊరికే కూర్చున్నారు.

ఆ తర్వాత బావమరిది చెప్పినాడని బాత్రూం గోడ పగలగొట్టి జరిపినాం. మెట్ల కింద స్టోరు గది వద్దంటే మానేసినాం. ఇట్లాంటివి ఏడెనిమిది ఉన్నాయి, అన్నీ ఫోన్‌లో ముక్కలు ముక్కలు మెసేజ్‌లే. ఇప్పుడు నాయన పునాదికి అరవై వేలు, మొత్తం లక్షా నలభై వేలు అడిగితే ఓనరు ‘ఏ లెక్కన? బాత్రూం సంగతి నాకు తెలీదు’ అంటున్నాడు. గడువు దాటితే వారానికి 5,000 పట్టుకుంటానని అగ్రిమెంటులో ఉన్న మాట కూడా గుర్తు చేసినాడు. పై అంతస్తు గోడలు, ప్లాస్టరింగు, ఫ్లోరింగు ఇంకా మిగిలే ఉన్నాయి. తెలిసినాయన ఒకరు పాత తేదీలతో లెటర్లు రాసి పెట్టుకోమంటున్నాడు. నాయనేమో ‘కాగితం పెడితే మనిషిని నమ్మలేదనుకుంటాడు’ అంటాడు. ఈ మెసేజ్‌లను పద్ధతిగా కాగితం మీద ఎట్లా పెట్టాల సార్?

— ఒక కూతురు, కర్నూలు

అమ్మా, ముందు ఆ తెలిసినాయన సలహా పక్కన పెట్టండి. పాత తేదీతో లెటరు రాయడం కంటే అసలు లెటరు లేకపోవడమే మేలు. మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం ఏమిటంటే ఆ సోమవారం మెసేజ్, ఆ శుక్రవారం జవాబు. వాటి మీద తేదీ, టైము ఫోనే వేసింది. పక్కన మీరు ఒక దొంగ తేదీ లెటరు పెడితే ఓనరు అడిగే మొదటి ప్రశ్న ‘ఇది నాకు ఎప్పుడు ఇచ్చినారు?’ అని. దానికి జవాబుండదు. అక్కడినుంచి నిజమైన మెసేజ్‌లను కూడా ఆయన అనుమానంగానే చూస్తాడు. ఇవాళ రాసే కాగితం మీద ఇవాళ్టి తేదీయే వేయండి. లోపల ‘ఫలానా రోజు వాట్సాప్‌లో అనుకున్న పనిని ఈ పత్రంలో వివరంగా రాస్తున్నాం’ అని చెప్పండి. జరిగిపోయినదాన్ని తర్వాత కాగితం మీద ఖాయం చేసుకోవడంలో తప్పేమీ లేదు.

నాయన భయం గురించి కూడా ఒక మాట. ఆయన చెప్పేది వట్టి మొహమాటం అని కొట్టిపారేయకండి. మన దగ్గర ‘నోటీసు పంపినారు’ అంటే లాయరు దగ్గరికి పోయినారని అర్థం. పెద్ద కాంట్రాక్టుల్లో ఇట్లాంటి కాగితాన్ని మార్పు నోటీసు అంటారు, అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. మీరు మాత్రం ఆ మాట వాడొద్దు. పైన ‘అదనపు పని వివరం – 1’ అని పెట్టండి, తర్వాతది 2, ఆ తర్వాతది 3. కాగితం పోయే ముందు నాయన ఫోన్ చేసి ‘సార్, లెక్క మా పాప రాసి పంపుతాది, మీకు కూడా దగ్గర ఉంటాది’ అంటే చాలు. బెంగళూరులో ఉండి ఇల్లు కట్టించుకునే మనిషికి తన డబ్బు ఎటు పోతున్నదో తెలియడం లేదనే దిగులు ఎప్పుడూ ఉంటుంది. అంకెలు ముందే తెలిస్తే ఆయనకు సగం కోపం ఉండేది కాదని నాకనిపిస్తుంది.

ఇక అసలు పని. మీ ఏడెనిమిది మెసేజ్‌లలో పునాదిది ఒక్కటి తీసుకుని చేసి చూపిస్తాను, మిగతావి మీరే చేసుకోగలరు. నాయన మెసేజ్‌లో మూడు సంగతులు ఉన్నాయి: ఏం పని, ఎంత లోతు, అదనంగా ఖర్చవుతుంది. లేనివి కూడా మూడే. ఒప్పందంలో ఏముంది, ఎంత డబ్బు, ఎన్ని రోజులు. ఓనరు ‘సరే కానీయండి’ అన్నది ఉన్నవాటికే. పని చేయమన్నాడు, అంతే. అరవై వేలకు సరే అన్నట్టు కాదు, గడువు పెంచడానికి సరే అన్నట్టు అంతకన్నా కాదు. బొటనవేలు బొమ్మ పెట్టినా, దండం పెట్టినా అదే కథ. ఆ బొమ్మ ‘చూశాను’ అని చెబుతుందో ‘ఒప్పుకున్నాను’ అని చెబుతుందో తర్వాత ఎవరికి వాళ్లు చెప్పుకోవచ్చు.

కాబట్టి కొలతతో మొదలుపెట్టండి. గుంత అయిదు అడుగులకు అయిదు అడుగులు అనుకుంటున్నాను. మీది వేరే అయితే మార్చుకోండి. అదనపు లోతు రెండున్నర అడుగులు, గుంతలు 12. అంటే 5 × 5 × 2.5 × 12, మొత్తం 750 ఘనపుటడుగుల తవ్వకం. అడుగున వేసే ఫుటింగు ఎక్కడ వేసినా అదే సైజు కాబట్టి దానికి అదనం లేదు. దాన్ని కూడా కలిపి రాస్తే ఓనరు తరఫు ఇంజనీరు అక్కడే పట్టేస్తాడు. పెరిగింది కాలమ్ పొడవు. 9 అంగుళాలు, 12 అంగుళాల కాలమ్ అయితే ఒక్కోదానికి 0.75 × 1 × 2.5, పన్నెండింటికి 22.5 ఘనపుటడుగుల కాంక్రీటు. తవ్విన 750లో ఈ 22.5 పోగా మిగిలిన 727.5, అంటే 728 ఘనపుటడుగులు గరుసుతో నింపాలి. నల్లమట్టి నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది, అందుకని తీసిన మట్టినే తిరిగి పోయకూడదు. ఇనుము ఆరు 12 ఎంఎం కడ్డీలు, ఆరంగుళాలకో 8 ఎంఎం రింగు అనుకుంటే పన్నెండు కాలమ్‌లకూ కలిపి సుమారు 70 కిలోలు వస్తుంది.

రేటు దగ్గర మీకొక చిక్కు ఉంది. చదరపు అడుగు ఒప్పందంలో తవ్వకానికి ఇంత, గరుసుకు ఇంత అని విడివిడి రేట్లు ఉండవు. అప్పుడు రెండు దారులు. ఒకటి, ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖలు వాడే స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ తీసుకోవడం. అది ఎవరి పక్షమూ కాదు కాబట్టి వాదన తగ్గుతుంది, కానీ అన్ని వేళలా మీ అసలు ఖర్చుతో సరిపోదు. రెండోది, జేసీబీ గంటల చీటీ, టిప్పర్ చీటీలు, ఇనుము బిల్లు ముందర పెట్టి దాని మీద మీ లాభం ఇంత అని బాహాటంగా వేయడం. ఇద్దరికీ ముఖపరిచయం ఉన్న చిన్న పనుల్లో నేను రెండోదే మంచిదంటాను. లెక్క నడిచే తీరు తెలియడానికి ఉజ్జాయింపు రేట్లు వేస్తున్నాను, మీరు మీ బిల్లుల ప్రకారం సరిచేసుకోండి. తవ్వకం ఘనపుటడుగుకు 12 చొప్పున 9,000. గరుసు నింపి, నీళ్లు కొట్టి, దిమ్మిస చేయడం 25 చొప్పున 18,200. కాలమ్ కాంక్రీటు, సెంట్రింగుతో 250 చొప్పున 5,625. ఇనుము, కట్టే కూలీతో కలిపి కిలో 80 చొప్పున 5,600. మొత్తం 38,425 రూపాయలు.

నాయన అడిగింది అరవై వేలు. ఈ తేడా చూసి మీకు కష్టంగా ఉండొచ్చు. ఆయన మోసం చేయాలని అడిగి ఉండడు. అనుభవం మీద ఒక గుండు అంకె చెప్పినాడు, అందులో ఆగిపోయిన రోజుల నష్టం, తన విసుగు, బేరంలో తగ్గుతాదిలే అన్న అంచనా అన్నీ కలిసిపోయి ఉంటాయి. గుండు అంకె చెబితే ఎదుటివాడు కూడా గుండు అంకెతోనే కొడతాడు: ‘ముప్పై ఇస్తాను, తీసుకో’. వరుసగా రాసిన 38,425లో ఏదైనా తగ్గించాలంటే మాత్రం ఏ వరుసలో తగ్గించాలో ఆయన చెప్పాల్సి వస్తుంది.

ఒక చిన్న హెచ్చరిక. టిప్పర్ చీటీలు కూడితే గరుసు 728 కాక తొమ్మిది వందల పైచిలుకు ఘనపుటడుగులు తేలొచ్చు. వదులుగా పోసిన గరుసు దిమ్మిస కొడితే దిగుతుంది కదా. గుంత కొలతనే బిల్లుకు వాడండి, రేటు దిమ్మిస అయిన కొలతకని రాయండి. లేకపోతే ఆ రెండు అంకెలు చూసి ఓనరు లేనిపోని అనుమానం పడతాడు.

రోజుల లెక్కకు వద్దాం. చాలామంది కాంట్రాక్టర్లు డబ్బు రాసి రోజులు వదిలేస్తారు, చివర్లో జరిమానా తగిలినప్పుడు లబోదిబోమంటారు. మీ అగ్రిమెంటులో వారానికి 5,000 ఉంది కాబట్టి మీకు రోజులు కూడా డబ్బే. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటే. పని ఎన్ని రోజులు పట్టిందన్నది వేరు, దానివల్ల ఇల్లు పూర్తయ్యే రోజు ఎన్ని రోజులు వెనక్కు పోయిందన్నది వేరు. అదనపు తవ్వకం, గుంతల అడుగు చదును చేయడం రెండు రోజులు, కాలమ్ అదనపు పొడవుకు ఒక రోజు, గరుసు నింపి దిమ్మిస కొట్టడం రెండు రోజులు అనుకుందాం. ఈ అయిదు రోజులూ ఒకదాని వెనక ఒకటి నడిచేవే, ఇవి అయితే తప్ప ప్లింత్ బీమ్ వేయలేరు. కాబట్టి అయిదూ గడువుకు కలుస్తాయి. అదే మీరు మానేసిన స్టోరు గది గోడ చూడండి. అది రెండు రోజుల పనే కావచ్చు, కానీ వేరే పనులతో పాటు పక్కన జరిగిపోయేది కాబట్టి అది లేనంత మాత్రాన ఇల్లు రెండు రోజులు ముందు పూర్తి కాదు.

ఇప్పుడు ఆ నాలుగు రోజుల సంగతి. జవాబు కోసం గుంతలు ఆగిపోయినాయి. ఇల్లు ముందుకు కదలలేదు, కాబట్టి గడువు నాలుగు రోజులు జరగాల్సిందే. కానీ కూలీ నష్టం నాలుగు రోజులది కాదు. రెండు రోజులు వాళ్లు సంపు తవ్వినారని మీరే రాశారు, అది ఎట్లాగూ చేయాల్సిన పని. కాబట్టి ఆరుగురికి రెండు రోజులే, రోజుకు 700 అయితే 8,400. దీన్ని పని ఖర్చులో కలపకుండా వేరే వరుసలో రాయండి. నిజం చెప్పాలంటే ఈ వరుస ఓనరుకు రుచించదు. బేరంలో దీన్ని వదులుకుని గడువు మాత్రం గట్టిగా పట్టుకోవచ్చు. నాలుగు, అయిదు కలిపితే తొమ్మిది రోజులు. వారానికి 5,000 పట్టే ఒప్పందంలో తొమ్మిది రోజులంటే కనీసం ఒక వారం జరిమానా. రెండో వారం మొదలైతే పూర్తి వారం కింద లెక్కిస్తారేమో మీ అగ్రిమెంటు చూసుకోండి.

ఇదంతా కాగితం మీద పెడితే ఇట్లా ఉంటుంది. ఒక పేజీ దాటకూడదు.

*అదనపు పని వివరం – 1. తేదీ: (పంపిన రోజు). పని: పునాది గుంతల అదనపు లోతు.*

*ఒప్పందంలో ఉన్నది: పునాది లోతు 5 అడుగులు. మారింది: గరుసు తగిలేవరకు, అంటే 7.5 అడుగులు, 12 గుంతలు. కారణం: 5 అడుగుల కింద కూడా నల్లరేగడి ఉండటంతో మీ ఇంజనీరు గారు సైటులో చూసి చెప్పారు. ఫలానా సోమవారం మేము తెలిపాము, ఫలానా శుక్రవారం మీరు సరే అన్నారు. ఆ మెసేజ్‌ల ఫొటో జతచేశాము.*

*ఖర్చు: తవ్వకం 750 × 12 = 9,000. గరుసు 728 × 25 = 18,200. కాంక్రీటు 22.5 × 250 = 5,625. ఇనుము 70 × 80 = 5,600. మొత్తం 38,425. పని ఆగిన రెండు రోజుల కూలీ: 6 × 2 × 700 = 8,400. రెండూ కలిపి 46,825.*

*గడువు: జవాబు కోసం ఆగినది 4 రోజులు, అదనపు పని 5 రోజులు. పూర్తి చేయాల్సిన తేదీ 9 రోజులు జరుగుతుంది. కొత్త తేదీ: (వేయండి).*

*ఇంతవరకు ఒప్పుకున్న అదనాలు: 0. దీంతో కలిపి: 46,825. ఇందులో ఏ వరుసలోనైనా అభ్యంతరం ఉంటే దయచేసి ఆ వరుస పేరుతో తెలపండి.*

జీఎస్టీ ఈ రేట్లలో కలిసి ఉందా, వేరేగానా అన్నది కూడా ఒక్క ముక్క రాయండి. ‘ఇంతవరకు ఒప్పుకున్న అదనాలు’ అనే వరుస ప్రతి పత్రంలోనూ ఉండాలి. నాలుగో పత్రం వచ్చేసరికి ఓనరుకు తన ఇల్లు ఎంతకు తేలుతుందో అందులోనే కనబడుతుంది. మీరు మానేసిన స్టోరు గదికి కూడా ఒక నంబరు ఇచ్చి మైనస్‌లో చూపండి. చదరపు అడుగు ఒప్పందంలో గోడ మానేసినా విస్తీర్ణం మారదు, కాబట్టి అగ్రిమెంటు ప్రకారం తగ్గించాల్సిన పని లేదని నాయన అనొచ్చు. ఆయన మాట నిజమే కావచ్చు. అయినా తలుపు, గోడ, ప్లాస్టరింగు ఖర్చు మిగిలింది కదా. ఒక్క మైనస్ వరుస ఉంటే మిగతా ప్లస్ వరుసలను ఓనరు చూసే చూపు మారుతుంది.

అంతా బాగుంది గానీ, ఏడున్నర అడుగులు దిగినారని రుజువేది? ఇది అడగకుండా ఉండరు. ఇప్పుడది భూమి కింద ఉంది. నాయన ఫోన్‌లో టేపు పట్టుకుని తీసిన ఫొటో ఒక్కటైనా ఉందేమో వెతకండి. లేకపోతే జేసీబీ, టిప్పర్ చీటీలు, ఇంజనీరుకు పెట్టిన మెసేజ్‌లు తీయండి. అవీ చాలకపోతే ‘మీరు చెప్పిన ఏదో ఒక కాలమ్ పక్కన తవ్వి చూపిస్తాం’ అనండి. నిజంగా దిగి ఉంటే ఆ మాట అన్నాక ఎవరూ తవ్వమనరు. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు అనంతపురం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ ప్రహరీ పునాదిలో మూడడుగులకే గట్టి రాయి తగిలింది. కంప్రెసర్ పెట్టి పది రోజులు కొట్టించినాను. కొలత రేపు రాసుకుందాంలే అనుకుని కాంక్రీటు పోసేసినాం. యాజమాన్యం వాళ్లు వచ్చి చూస్తే నున్నటి గోడ తప్ప ఏమీ కనబడలేదు. ఆ పది రోజుల డబ్బు మాకు రాలేదు. అప్పటినుంచి కప్పిపెట్టే పని ఏదైనా, కప్పకముందే అవతలివాళ్ల మనిషిని నిలబెట్టి కొలత పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాణ్ని. మీకు ఇంకా కప్పబడే పనులున్నాయి: గోడల్లోపల పైపులు, ఫ్లోరింగు కింద నింపుడు.

బాత్రూం గోడది వేరే చిక్కు. అక్కడ కొలత కాదు, ఎవరు చెప్పారన్నది ప్రశ్న. అగ్రిమెంటు మీద సంతకం పెట్టింది ఓనరు, బావమరిది కాదు. ‘ఆయన మాట నా మాటే’ అని ఓనరు ఎప్పుడైనా రాసి ఉంటే, చెప్పి ఉంటే వెతకండి. గోడ జరిపాక ఓనరు వీడియో కాల్‌లో చూసి ఉంటే, దాని ఫొటోకు జవాబిచ్చి ఉంటే, అది కూడా పనికొస్తుంది. చూసి వద్దనకపోవడం, ఆ గోడతోనే ఇల్లు తీసుకోవడం చిన్న విషయం కాదు. ఏమీ దొరకకపోతే ఆ పత్రంలో దాచకుండా రాయండి: ‘ఫలానా రోజు మీ బావమరిది గారు సైటులో చెప్పగా చేశాము’. బావమరిదికి ఇబ్బంది అవుతుందని ఆయన పేరు ఎగరగొట్టి ‘మీరు చెప్పగా’ అని రాయొద్దు. అక్కడ ఒక్క అబద్ధం దొర్లితే పునాది పత్రం కూడా మునుగుతుంది. దీంట్లో సగానికి రాజీ పడాల్సి వస్తే పడండి. ఇకమీదట మాత్రం బావమరిది ఏం చెప్పినా సాయంత్రానికి ఓనరుకే పోవాలి.

జరిగిపోయినవాటిని ఎట్లా పంపాలి? మూడు దారులు కనబడుతున్నాయి. అన్నీ ఒకేసారి కట్టగా పంపితే లెక్క ఒక్క దెబ్బతో తేలుతుంది, కానీ ఓనరుకు అది దాడిలా తోస్తుంది. బాత్రూం గొడవ మీద కోపంతో పునాదిని కూడా ఆపేస్తాడు. పాతవన్నీ వదిలేసి ఇక్కడినుంచి పద్ధతిగా ఉందామంటే సంబంధం చెడదు, కానీ లక్ష పైచిలుకు నీళ్లలో పోసినట్టే, పైగా ఆ తొమ్మిది రోజులూ మీ తప్పు కిందికి వస్తాయి. మూడోది, ఆధారం గట్టిగా ఉన్న పునాదిని ముందు పంపి, అది తేలినాక మిగతావి ఒక్కొక్కటిగా పంపడం. కాస్త ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యంలో పని పూర్తయిపోతే మీ చేతిలో పట్టు తగ్గుతుంది కూడా. మీ చోట నేనుంటే మూడోదే చేస్తాను, కానీ మిగతా పనుల పేర్లు, అంకెలు లేకుండా, మొదటి కాగితం కిందనే ఒక వరుసలో రాస్తాను, ‘వీటి వివరాలు వరుసగా పంపుతాము’ అని. లెక్క తయారు కాలేదని సంగతి చెప్పడం ఆపకూడదు. అంతర్జాతీయ కాంట్రాక్టుల్లో వాడే ఫిడిక్ 1999 షరతుల్లో కూడా ముందు 28 రోజుల్లో సంగతి తెలపాలి, పూర్తి లెక్క ఆ తర్వాత ఇవ్వొచ్చు. మీ స్థాయి పనికి 28 రోజులెందుకు, అదే రోజు సాయంత్రం చాలు.

డబ్బు రాలేదని పని మొత్తం ఆపేస్తామని నాయన అంటే మాత్రం ఒకసారి ఆలోచించమనండి. అగ్రిమెంటులో అట్లా ఆపే హక్కు రాసి లేకపోతే, ఆపినవాళ్లే మాట తప్పినవాళ్లవుతారు, జరిమానా కూడా మీద పడుతుంది. ఆపగలిగింది ఇంకా మొదలుపెట్టని అదనపు పనిని మాత్రమే.

ఇక ముందు వచ్చేవాటికి. నాయన మెసేజ్‌లు పెట్టడం మానుకోడు, మానుకోవాల్సిన పనీ లేదు. ఆ మెసేజ్‌లోనే రెండు అంకెలు చేరితే చాలు. ‘సార్, హాల్లో టైల్స్ బదులు బేతంచెర్ల బండలు అన్నారు కదా. 400 చదరపు అడుగులు. బండలు తెప్పించి, పరిచి, పాలిష్ పట్టేదానికి తేడా ఇంత. గడువు మీద మూడు రోజులు. సరే అంటే రేపు ఆర్డర్ పెడతాం’. సాయంత్రం మీరు దాన్నే నంబరు వేసి కాగితంగా పీడీఎఫ్‌లో పంపండి.

అందులో చాలామంది ‘మూడు రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు భావిస్తాము’ అని రాస్తారు. చదవడానికి దర్జాగా ఉంటుంది గానీ నిలబడదు. మీరు రాసుకున్న షరతుకు అవతలివాడు నోరు మూసుకున్నంత మాత్రాన కట్టుబడడు. దానికి బదులు ఇట్లా రాయండి: ‘మీ జవాబు వచ్చేవరకు ఈ అదనపు పని మొదలుపెట్టము. దీనివల్ల మిగతా పని ఆగితే ఆ రోజులు గడువుకు కలుస్తాయి’. ఇది మీ చేతిలో ఉన్న విషయం, అందుకని నిలబడుతుంది. వాన ముంచుకొస్తూ గుంత గోడలు కూలేట్టు ఉన్నప్పుడు ఆగలేరు, సరే. అప్పుడు ‘ప్రమాదం కాబట్టి పని మొదలుపెట్టాము, లెక్క రేపు పంపుతాము’ అని ఫొటోతో ఆ గంటలోనే పెట్టండి.

కోర్టు మాట మీరు అడగలేదు, అంతదాకా పోకూడదనే నా కోరిక కూడా. అయినా తెలిసి ఉండటం మంచిది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 70వ సెక్షన్ ఉంది. ఊరికే చేయాలనే ఉద్దేశం లేకుండా ఒకరికి పని చేసి, ఆ మనిషి దాని ఫలం అనుభవిస్తే పరిహారం ఇవ్వాలని చెబుతుంది. అయితే దాని కింద వచ్చేది పనికి తగిన విలువే, నాయన చెప్పిన అంకె కాదు. మీ అగ్రిమెంటులో ‘రాతపూర్వక అనుమతి లేనిదే అదనం ఇవ్వబడదు’ అనే వాక్యం ఉంటే మీ వాదన బాగా బలహీనపడుతుంది, ముందు అది ఉందేమో చదవండి. చెల్లింపు తేదీ అనుకోని పనికి దావా వేసే గడువు పని జరిగినప్పటినుంచి మూడేళ్లు. వాట్సాప్ మెసేజ్‌లు కోర్టులో చెల్లుతాయి, కానీ 2023 భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ఒక ధృవపత్రం జతచేయాలి. అది లాయరు చూసుకుంటాడు. మీరు ఈ రాత్రికే చేయాల్సింది, ఆ చాట్ తెరిచి Export chat నొక్కి, ఫొటోలతో సహా మీ మెయిలుకు పంపుకోవడం. ఒకటి రెండు నచ్చిన స్క్రీన్‌షాట్లు చాలవు, ముందూ వెనకా లేని ముక్కను ఎవరూ నమ్మరు. ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు పెట్టి ఉందేమో కూడా చూడండి. నాయన ఫోన్ అమ్మడం, మార్చడం ఈ లెక్క తేలేదాకా వద్దు. పాత ఫోన్ సిమెంటు దుమ్ములో పడి పోయిన కేసులు నేను రెండు చూశాను.

చివరగా, రేపు ప్లాస్టరింగు మొదలవకముందే ఒకసారి సైటుకు పోయి కింది అంతస్తు కరెంటు పాయింట్లు లెక్కపెట్టండి. అగ్రిమెంటులో గదికి ఎన్ని రాసుకున్నారో, గోడలో ఎన్ని పెట్టెలు దిగినాయో పక్కపక్కన రాయండి. తేడా ఉండకుండా ఉండదు. గోడ మూసుకుపోకముందే మీ రెండో నంబరు కాగితం అదే కావచ్చు.